కొన్న రేటు మీద శాతం కలిపితే మోసపోతాం: చీరల కొట్టు నుంచి

ప్రశ్న: "చీర నాకు 1500 పడింది. అమ్మిన రేటులో 30 శాతం నాకు మిగలాలి. 1500కి 30 శాతం కలిపి 1950 పెడితే సరిపోద్దా? అందరూ ఇలాగే చేస్తున్నారు కదా?"

సరిపోదండి. 1500ని 0.70తో భాగించండి, 2142.86 వస్తుంది, 2150 స్టిక్కర్ వేసేయండి. 1950కి అమ్మితే మీకు మిగిలేది 450, అది 1950లో 23 శాతమే. మిగతా 7 శాతం ఎవరూ ఎత్తుకుపోలేదు, మీరే స్టిక్కర్ మీద రాయలేదు, అంతే.

అందరూ అలాగే చేస్తున్నారన్నారు చూడండి, నిజమే, నేనూ అలాగే చేశాను, రెండేళ్ళు. మాది పాలకొల్లులో చిన్న కొట్టు. ముందు గది కొట్టు, వెనక ఇల్లు. ఫ్యాన్సీ చీరలు రాజమండ్రి తాడితోట నుంచి తెస్తాను, అప్పుడప్పుడు ద్వారపూడి, కాటన్ అయితే బండారులంక. ఈ లెక్క నాకు ఎలా తెలిసొచ్చిందో చెప్తాను, ఎందుకంటే ఫార్ములా ఒక్కటీ చెప్తే మర్చిపోతారు, నేనూ మర్చిపోయేదాన్నే.

ఆషాఢానికి ముందు 30 చీరల మూట తెచ్చాను. బిల్లు రేటు చీరకి 1140, దాని మీద జీఎస్టీ 5 శాతం అంటే 57, మూట తెచ్చిన ఆటో, హమాలీ కలిపి 90 అయితే చీరకి 3. మొత్తం 1200 పడింది. మాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆ 57 తిరిగి రాదు, అది కూడా ఖరీదులోదే. చాలామంది బిల్లు మీద ఉన్న 1140నే చూసుకుని లెక్క వేస్తారు, అక్కడే మొదటి తప్పు, సరే అది వేరే సంగతి. నేను 1200కి 25 శాతం కలిపి 1500 స్టిక్కర్ వేశాను. నా మనసులో నాకు 25 శాతం మార్జిన్ ఉంది, అంతే, ఇంకో ఆలోచన లేదు.

ఆషాఢం వచ్చింది. పెద్ద కొట్లన్నీ డిస్కౌంట్ బోర్డులు కట్టేశాయి, మన కొట్టు ముందు నుంచే జనం నడిచి వెళ్ళిపోతున్నారు. నేనూ 20 శాతం తగ్గింపు అని బోర్డు పెట్టాను. నాకు 25 ఉంది, 20 ఇచ్చేస్తే ఇంకా 5 ఉంటుంది, చీరకి 60 వచ్చినా చాలు, సరుకు కదుల్తుంది అనుకున్నాను. పదకొండు రోజుల్లో 22 చీరలు అమ్మేశాను. కొట్లో చేసే అమ్మాయికి చీరకి 20 ఇస్తానన్నాను, కవరు 10, అంటే చీరకి 30 ఖర్చు. ఆ 60 లాభం అనుకున్నది ఏ రోజుకారోజు పక్కన పెట్టి, మొత్తం 1320 చీటీకి కట్టేశాను. ఆ వారం నేనూ మా అత్తయ్యగారూ ఎంత సంతోషంగా ఉన్నామో చెప్పలేను, ఆషాఢంలో ఆవిడ అన్ని చీరలు అమ్మడం చూడలేదంట.

శ్రావణం సరుక్కి తాడితోట వెళ్ళాను. అదే కొట్టు, అదే చీర, అదే రేటు. 22 ఇవ్వండి అన్నాను. చీరల డబ్బు అని విడిగా కట్టి తెచ్చిన కట్ట తీసి లెక్క పెడితే 24,420 ఉంది. 22 చీరలకి 26 వేలు దాటుతుంది. రెండుసార్లు లెక్క పెట్టాను, బ్యాగులో అర అరా వెతికాను, బస్సులో ఎవరైనా కొట్టేశారేమో అని చెయ్యి వణికింది. 22 అమ్మితే మళ్ళీ 20 చీరలే వస్తున్నాయి.

అక్కడ గుమస్తా పెద్దాయన, చాలా ఏళ్ళుగా ఆ గద్దె మీదే కూర్చుంటారు, "ఏంటమ్మా, ఏం తగ్గింది" అని అడిగితే మొత్తం చెప్పాను. ఆయన మాట్లాడకుండా కాలిక్యులేటర్ నా వైపు తిప్పారు, 5 మీద అంకె అరిగిపోయి కనపడట్లేదు. 1500 కొట్టి, 20 శాతం తీశారు. 1200 వచ్చింది. "మీకు పడింది ఎంతమ్మా?" అన్నారు. 1200. "కలిపేటప్పుడు కొన్నదాని మీద కలిపావు, తీసేటప్పుడు అమ్మేదాని మీద తీశావు. పాతికా ఇరవై ఒకటేనమ్మా ఇక్కడ" అన్నారు.

అంతేనండి మొత్తం. 1200 మీద 25 శాతం 300. 1500 మీద 20 శాతం కూడా 300. నాకు ఉందనుకున్న 5 శాతం ఎప్పుడూ లేనే లేదు. లేని లాభం 1320 చీటీకి కట్టాను, అమ్మాయికీ కవర్లకీ 660 పోయింది, రెండూ నా పెట్టుబడిలోంచే పోయాయి. ఆయన తర్వాత 1200 ÷ 75 % కొట్టారు, 1600 వచ్చింది. "పాతిక కావాలంటే ఇదీ స్టిక్కరు" అన్నారు. 100లో నాకు 25 కావాలంటే చీర ఖరీదు మిగతా 75 కింద ఉండాలి, 1200 అనేది ఆ 75, కాబట్టి 0.75తో భాగించాలి. 30 కావాలంటే 0.70, 20 కావాలంటే 0.80. ఇంతకంటే బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు.

అసలు అమ్మకం మీదే ఎందుకు లెక్క వేయాలి అని మా మరిది వాదిస్తాడు, కొన్నదాని మీద వేసినా రూపాయిలు రూపాయిలే కదా అని. రూపాయిలు అవే, కానీ రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు నా చేతిలో ఏముంటుంది? గల్లాపెట్టెలో అమ్మకం డబ్బు ఉంటుంది. 10 వేలు అమ్మితే అందులో సరుక్కి ఎంత, ఇంటికి ఎంత అన్నది ఆ 10 వేలలోంచే తీయాలి, ఏ చీర ఎంతకి కొన్నానో ఒక్కోటీ తిరగేసుకుంటూ కూర్చోలేను కదా. అమ్మకం మీద 25 పెట్టుకుంటే 2500 నాది, 7500 సరుకుది, కళ్ళు మూసుకుని విడదీయొచ్చు. కొన్నదాని మీద 25 కలిపిన కొట్లో అదే 10 వేలలో అసలు లాభం 2000 మాత్రమే. ఆ కొట్టు నడిపే ఆవిడ 2500 ఇంటికి వాడుకుంటే ప్రతి 10 వేలకీ 500 పెట్టుబడి తినేస్తున్నట్టు. ఆర్నెల్లకి ర్యాకులు పల్చబడతాయి, వ్యాపారం బానే ఉంది సరుకు ఎందుకు తగ్గుతుందో తెలీట్లేదు అంటారు. నాకు ఆ మాట చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు, అందరిదీ ఇదే జబ్బు అని నా గట్టి నమ్మకం. డిస్కౌంటూ అమ్మకం మీదే, కమీషనూ అమ్మకం మీదే, మరి మార్జిన్ ఒక్కటే కొన్నదాని మీద ఎందుకు?

ఇంక డిస్కౌంట్ సంగతి. మీరు ఎప్పుడైనా బోర్డు పెట్టబోతుంటే ముందే స్టిక్కర్లో చూసుకోవాలి, రెండుసార్లు భాగించాలి. ఇప్పుడు నా లెక్క ఇదీ: 1200 చీర, 20 శాతం తగ్గించాక కూడా 15 శాతం మిగలాలి. ముందు 1200 ÷ 0.85, అంటే 1412, అది చివరికి చేతికి రావాల్సిన డబ్బు. దాన్ని 0.80తో భాగిస్తే 1765, నేను 1770 వేస్తాను. తగ్గించి 1416కి ఇచ్చినా 216 మిగులుతుంది. 15కీ 20కీ కూడి 35 శాతం కొన్నదాని మీద కలిపేస్తే 1620 వస్తుంది, తగ్గిస్తే 1296, మిగిలేది 96, ఏడున్నర శాతం కూడా కాదు. ఆ కూడడం అనేది చేయొద్దండి దయచేసి.

రౌండ్ చేసేటప్పుడు పైకే చేయండి. 2142 వచ్చింది కదా అని, 2099 అయితే చూడ్డానికి బాగుంటుందని రాస్తే మీ 30 కాస్తా 28న్నరకి దిగిపోతుంది. అలాగే మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, కట్టిన పన్ను తిరిగి వచ్చేలా ఉంటే ఖరీదులో పన్ను కలపకండి, మార్జిన్ లెక్క అయ్యాక చివర్లో 5 శాతం వేయండి, ఆ 5 మీది కాదు, దాని మీద మార్జిన్ చూసుకోకూడదు.

మీ 2150కి చీర కదలకపోవచ్చు, అది నేను ఒప్పుకుంటాను. ఎదురు కొట్లో అదే చీర 2000కి ఉంటే మీ లెక్క ఎంత కరెక్టయినా ఎవరూ కొనరు. అప్పుడు లెక్క తిరగెయ్యాలి, అది కొనేచోటే తిరగెయ్యాలి. మా ఊళ్ళో 2000కి పోయే చీర అయితే 2000ని 0.70తో గుణిస్తాను, 1400. పన్ను, ఆటో అన్నీ కలిపి ఇంటికి చేరేసరికి 1400 దాటకూడదు, అంటే బిల్లు రేటు 1330 లోపు. హోల్‌సేల్ కొట్లో అబ్బాయి "అక్కా ఇది 2500కి కళ్ళు మూసుకుని పోద్ది" అని మడతలు విప్పి జారేస్తూ ఉంటాడు, నేను పల్లూ చూడకముందే 1330 అని చెప్పేస్తాను. ఇస్తే తీసుకుంటాను, లేదంటే పక్క కొట్టు. బండారులంకలో మాత్రం ఇలా పిండను, మగ్గం మీద నేసిన మనిషి రేటు చెప్తే ఆ రేటుకి కొని 0.80తో భాగించుకుంటాను, అక్కడ నా మార్జినే తగ్గించుకోవాలి కానీ ఆయన కూలి కాదు. మా దగ్గరకి వచ్చేవాళ్ళకి ఇది చెప్తే కొంతమంది అర్థం చేసుకుంటారు, కొంతమంది మిషన్ మీద వచ్చిన చీరతో పోల్చి "అంత ఎందుకండీ" అంటారు, ఆ మాట నాకు నిజంగా బాధేస్తుంది.

వాట్సాప్ గ్రూపుల్లో అమ్మే అమ్మాయిలకి కూడా ఒక మాట. చీరకి 50 వేసుకుని అమ్మేస్తున్నారు, 1200 చీర 1250. అది అమ్మకంలో సరిగ్గా 4 శాతం. 25 చీరలు అమ్మాక ఒక్క చీర డ్యామేజీ అని వెనక్కి వచ్చి, హోల్‌సేల్ వాడు తీసుకోకపోతే, ఆ 25 చీరల కష్టం దాదాపు మొత్తం ఆ ఒక్క చీరలో పోతుంది. వాళ్ళతో పాటు పక్కన కొట్టు అద్దె కట్టుకునే మాకూ పోతుంది, ఎందుకంటే కొనేవాళ్ళు ఫోన్ తీసి ఆ 1250 చూపిస్తారు.

ఆ రోజు తాడితోటలో 20 చీరలే కట్టించుకుని వచ్చాను. ఇంటికొచ్చాక అత్తయ్యగారు, నేను కూర్చుని ర్యాకుల్లో ఉన్న ప్రతి చీర స్టిక్కరూ పీకి కొత్తవి వేశాం, రాత్రి ఒంటిగంట దాటింది. పాత మూటలో మిగిలిన ఎనిమిదీ 1770 స్టిక్కర్‌తో పైకి వెళ్ళాయి. శ్రావణంలో డిస్కౌంట్ లేకుండా 1600కి బేరం తెగ్గొట్టి ఆరు ఇచ్చాను. రెండు ఇంకా ఉన్నాయి, ఒకటి నెమలికంఠం రంగు, ఒకటి గంధం రంగు.