గుర్రాల ముగింపులో దూరపు బంటు

తిరుపతి చదరంగం పోటీలో చివరికి చెరో గుర్రం, మూడేసి బంట్లు మిగిలాయి. బంట్లు సమానమే, మరి నేనెందుకు ఓడిపోయాను?

మీ గుర్రం అంచుకు పోయి ఇరుక్కున్నందుకు. మీ బంట్లు f7, g6, h5, రాజు g7. తెల్లవి a6, g3, h4 అనుకోండి. a6 బంటును ఆపడానికి మీ గుర్రం a7లో కూర్చుంది. అక్కడి నుంచి దానికి మూడే గడులు: b5, c6, c8. తెల్ల గుర్రం d6లో ఉంటే b5, c8 మూసుకుపోతాయి. d5లోని తెల్ల రాజు c6ను కాస్తాడు. ఎత్తు తెల్లవాళ్లదైతే, ఇక ఆ రాజు c5, b6 మీదుగా వచ్చి మీ గుర్రాన్ని కొట్టేస్తాడు. ఈలోగా మీ రాజు d6 గుర్రాన్ని కొట్టినా a బంటును అందుకోలేడు. చిత్తూరులో నా దగ్గర నేర్చుకునే పిల్లలూ ఇక్కడే పొరబడతారు. అదే తెల్ల రాజు ఇంకా g2లోనే ఉంటే, మీ రాజు e7కు వచ్చి కాపు లేని ఆ గుర్రాన్ని తరిమేసేవాడు. అందుకే మంత్రులు పోగానే రాజును మధ్యకు నడపండి.