ఆ ప్రకటనలో మీ ఆయన చదవని లైను

"బీకాం చదివాను. పెళ్లికి ముందూ తర్వాతా ఆరేళ్లు అకౌంట్స్‌లో చేసి, బాబు కోసం 2021లో మానేశాను. ఇప్పుడు విజయవాడలో ఒక ఆటో విడిభాగాల డీలర్ అకౌంటెంట్ కావాలని ప్రకటన ఇచ్చారు. మా వారు చదివి, 'శాప్ సాఫ్ట్‌వేర్ అడిగారు, సీఏ ఇంటర్ అడిగారు, నీకెందుకు?' అన్నారు. శాప్ కోర్సులో చేరమంటారా?"

వద్దు. ఆ డబ్బు దాచుకోండమ్మా.

మీరు పంపిన ప్రకటనలో 'చేయాల్సిన పనులు' అన్న భాగం ముందు చూడండి. ట్యాలీలో ఎంట్రీలు, బ్యాంక్ రికన్సిలియేషన్, జీఎస్టీ రిటర్న్‌లు, టీడీఎస్. నాలుగూ మీరు చేసినవే. ఆ పనుల్లో శాప్ ఎక్కడా లేదు. కింద అర్హతల్లో మాత్రమే 'ఉంటే అదనపు ప్రయోజనం' అని ఉంది. సీఏ ఇంటర్ పక్కన 'ప్రిఫర్డ్' అని ఉంది. రోజూ ట్యాలీలో పని చేయించే డీలర్ శాప్ అడిగాడంటే, వేరే కంపెనీ ప్రకటనలోంచి ఆ లైను తెచ్చి పెట్టి ఉంటాడు. జీతం పాతిక వేలన్నారు. ఆ జీతానికి సీఏ ఇంటర్ వాళ్లు వస్తే సంతోషమే, రారని ఆయనకూ తెలుసు. అనుమానముంటే ఫోన్ చేసి రెండే అడగండి: శాప్ ఇప్పుడు వాడుతున్నారా? రిటర్న్‌లు ఆఫీసులోనే వేస్తారా, బయటి ఆడిటర్ వేస్తారా?

మీకు నిజంగా లోటున్నది ఈ మధ్య మారిన వాటిలో. 2023 ఆగస్టు నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటితే ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి. 2025 సెప్టెంబరు 22 నుంచి, 28 శాతం జీఎస్టీలో ఉన్న వాహన విడిభాగాలు 18కి వచ్చాయి. ఇంటర్వ్యూలో అడిగేది ఇవే. పాత ఆఫీసు స్నేహితురాలి పక్కన కొన్ని సాయంత్రాలు కూర్చుంటే పట్టుబడతాయి.

ఇక మీ ఆయన. శాప్‌ను అంత శ్రద్ధగా వెతికిన మనిషికి, చివర్లో ఉన్న 'నెల మొదట్లో ఆలస్యంగా ఉండాల్సి వస్తుంది' అన్న లైను కనిపించలేదా? ఆ ప్రకటనలో ఎవరూ సడలించని షరతు అదే. టీడీఎస్ 7లోపు కట్టాలి, అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 11లోపు వేయాలి. ఆ పది రోజులు బాబును బడి నుంచి ఎవరు తీసుకురావాలి, రాత్రి అన్నం ఎవరు పెట్టాలి? ఆ మాట మీ ఇంట్లో రాకుండా శాప్ అడ్డుపడుతోంది. భార్య అర్హతలు తేల్చడం భర్త పని కాదు. అది ఉద్యోగమిచ్చేవాడు చూసుకుంటాడు. బిడ్డ ఇద్దరిదీ కాబట్టి, ఆ పది రోజుల్లో తన వంతేమిటో ఆయన చెప్పాలి.

ఈ రాత్రే అడగండి. అత్తగారు వింటుండగా అడిగినా తప్పు లేదు. అప్లికేషన్ మాత్రం ఆయన జవాబు కోసం ఆపకుండా ముందే పంపేయండి.