డేటా లీకైందని మెయిల్ వస్తే పాలసీ మూసేయాలా?

ప్రశ్న: సార్, నేను ఒంగోలులో ప్రైవేటు ఉద్యోగం చేస్తాను. ఆరేళ్లుగా కడుతున్న హెల్త్ పాలసీ కంపెనీ నుంచి, మీ వివరాలు బయటివాళ్ల చేతికి వెళ్లి ఉండొచ్చని మెయిల్ వచ్చింది. నాలుగు రోజులకు ఒకాయన ఫోన్ చేశాడు. నా పాలసీ నంబరు, పుట్టిన తేదీ, మా ఆవిడకు జరిగిన ఆపరేషన్ సంగతి కూడా చెప్పాడు. పాత క్లెయిములో 18,400 రూపాయలు మీకు రావాలంటూ లింకు పంపాడు. ఇంకా నొక్కలేదు. మెయిల్ నిజమేనా? ఏమేం మార్చాలి? పాలసీ మూసేసి వేరే కంపెనీలో తీసుకోనా? జీతం ఖాతాలో 3,60,000, అదే బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. నెల ఖర్చు 38,000. అత్యవసరమైతే బ్యాంకు యాప్‌లో 5 లక్షల ప్రీ-అప్రూవ్డ్ లోన్ ఉంది కాబట్టి ఆ టెన్షన్ లేదు.

జవాబు: ఆ చివరి వాక్యం చూశాకే మీకు రాయాలనిపించింది. మీ టెన్షన్ ఉండాల్సిన చోటు అదే. దాని దగ్గరికి వస్తాను, ముందు మెయిల్ సంగతి.

మీ మెయిల్ నిజమైనదే అయ్యుండొచ్చు. ఫోన్ చేసిన మనిషి మాత్రం దొంగ. ఈ రెండూ ఒకేసారి నిజం కావడమే ఇందులో చిక్కు. వివరాలు నిజంగా లీకయ్యాయి కాబట్టే అతనికి ఆపరేషన్ సంగతి తెలిసింది. మనవాళ్లు చాలామంది మెయిల్ అసలుదని తేలగానే, ఆ తర్వాత వచ్చే ఫోన్లు కూడా అసలువే అనుకుంటారు.

అసలు మెయిల్ ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. 2021 మే నెలలో ఎయిర్ ఇండియా తన ప్రయాణికులకు ఇలాంటి సమాచారమే పంపింది. టికెట్ల సమాచారాన్ని నిర్వహించే సీటా అనే సంస్థలో చొరబాటు జరిగి, ప్రపంచవ్యాప్తంగా సుమారు 45 లక్షల మంది వివరాలు బయటపడ్డాయి. 2011 ఆగస్టు 26 నుంచి 2021 ఫిబ్రవరి 3 వరకు నమోదైన వివరాలని అందులో రాశారు. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు, టికెట్, క్రెడిట్ కార్డు వివరాలు ఉన్నాయన్నారు. కార్డు వెనక ఉండే సీవీవీ అంకెలు అక్కడ లేవని కూడా చెప్పారు. పాస్‌వర్డ్ మార్చుకోమన్నారు. ఏవి పోయాయి, ఏవి పోలేదు, ఏ కాలానివి అన్నది విడమరిచి చెప్పడం అసలు మెయిల్ లక్షణం. 2025 నవంబరులో వచ్చిన డేటా రక్షణ నియమాలూ ఇదే అడుగుతున్నాయి. ఏం జరిగింది, ఎప్పుడు, దానివల్ల మీకేం కావచ్చు, మీరేం చేయాలి, ఎవరిని అడగాలి అన్నవన్నీ చెప్పాలి. కాకపోతే ఆ నిబంధన అమలుకు 18 నెలల గడువిచ్చారు. అందుకే ఇప్పటికీ కొన్ని కంపెనీలు రెండు ముక్కల్లో తేల్చేస్తున్నాయి.

ఆ కథలో ఇంకో సంగతి కూడా ఉంది. సీటా నుంచి ఎయిర్ ఇండియాకు మొదటి కబురు ఫిబ్రవరి చివర్లోనే అందింది. ప్రయాణికులకు వివరంగా చెప్పింది మే నెలలో. అంటే మెయిల్ మీ చేతికొచ్చేసరికి మీ వివరాలు నెలలుగా బయట తిరుగుతూ ఉండొచ్చు. 'ఈ రాత్రిలోగా ఈ లింకులో వెరిఫై చేయకపోతే పాలసీ రద్దు' అని ఏ మెయిలైనా తొందరపెడితే ఆ తొందరే అనుమానించదగ్గ విషయం. పోయింది ఎప్పుడో పోయింది, ఈ రాత్రికి కొత్తగా పోయేదేం లేదు.

జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిచి, పంపినవారి పేరు కింద చిన్న బాణం గుర్తు నొక్కితే mailed-by, signed-by అని కనిపిస్తాయి. అక్కడ కంపెనీ సొంత వెబ్ చిరునామా ఉండాలి. ఉన్నంత మాత్రాన పూర్తిగా నమ్మేయకండి, లేకపోతే మాత్రం నమ్మనే వద్దు. చిరునామాను కుడి నుంచి ఎడమకు చదవడం అలవాటు చేసుకోండి. కంపెనీ పేరు మొదట్లో ఉండి, చివర్లో ఇంకేదో ఉంటే అది ఆ చివరిదాని సొంతదారుడిదే. బ్యాంకుల విషయంలో ఈ పని తేలికైంది. 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులు తమ వెబ్‌సైట్లను .bank.in కిందకు మార్చాలని ఆర్‌బీఐ ఆదేశించింది. sbi.bank.in అలా వచ్చినదే. మన హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కటే ఆ చిరునామాలు ఇస్తుంది, అదీ బ్యాంకులకే. బీమా కంపెనీలకు ఇది వర్తించదు.

ఇదంతా చేయలేకపోయినా పర్వాలేదు. మెయిల్ మూసేయండి. మీ పాలసీ కార్డు మీదున్న నంబరుకు మీరే ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: 'మీరు ఈ మెయిల్ పంపారా? నా పాత క్లెయిములో నాకు రావాల్సిన డబ్బు ఏమైనా ఉందా?' మెయిల్ నిజమైనా అబద్ధమైనా అందులోని లింకుతో మీకు పనిలేదు.

ఇక మార్చాల్సినవి. పుట్టిన తేదీని, పాన్‌ను, ఆపరేషన్ చరిత్రను మార్చలేరు. మార్చగలిగినవాటిలో మొదటిది ఈమెయిల్ పాస్‌వర్డ్. బ్యాంకుది కాదా అంటారేమో. మీ ఇన్‌బాక్స్‌లో ఏముందో గుర్తుచేసుకోండి. ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ అంటే పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ఏడాది లావాదేవీల పత్రం ఏఐఎస్ పీడీఎఫ్‌కు పాన్, పుట్టిన తేదీ. చాలా బ్యాంకు స్టేట్‌మెంట్లకూ ఇలాంటిదే. మీ బీమా కంపెనీ నుంచి పోయి ఉండగలవి సరిగ్గా ఆ వివరాలే. మెయిల్ ఒక్కటి చేజిక్కితే ఆ పీడీఎఫ్‌లన్నీ తెరుచుకుంటాయి. కాబట్టి ఈమెయిల్‌కు ఇంకెక్కడా వాడని పొడవైన పాస్‌వర్డ్ పెట్టండి, రెండంచెల ధ్రువీకరణ ఆన్ చేయండి. బీమా పోర్టల్‌లో వాడిన పాస్‌వర్డే బ్యాంకుకూ పెట్టి ఉంటే (పెట్టే ఉంటారు, దాదాపు అందరూ పెడతారు) ఆ రెండూ ఇవాళే మార్చండి. ఆధార్ వేలిముద్రలను ఆధార్ అధికారిక యాప్‌లో లాక్ చేయండి.

ఇప్పుడు మీ 5 లక్షల లోన్ సంగతి. అది మీ డబ్బు కాదు. మీ లాగిన్ వెనక ఉన్న అప్పు. మీరు ఆ లింకు నొక్కి, వాళ్లు చెప్పిన యాప్ వేసుకుని, ఓటీపీ వాళ్ల కంట పడితే ఏమవుతుందో చూడండి. ముందు ఖాతాలోని 3,60,000 పోతుంది. తర్వాత ఎఫ్‌డీని ఆన్‌లైన్‌లోనే రద్దు చేస్తారు, 4 లక్షలు ఖాతాలోకి వచ్చి అవీ పోతాయి. ఆ పైన మీ ధీమా అయిన ప్రీ-అప్రూవ్డ్ లోన్ నిమిషాల్లో మంజూరై, అదీ వెళ్లిపోతుంది. 7,60,000 పోగొట్టుకుని, మరో 5 లక్షలకు ఈఎంఐ కట్టే మనిషిగా మిగులుతారు. అప్పును అత్యవసర నిధిగా లెక్కపెట్టుకోవద్దని నేను ఏళ్లుగా చెబుతున్నది వడ్డీ గురించి మాత్రమే కాదు. అవసరం వచ్చిన రోజున అది మీకు అక్కరకొస్తుందో, దొంగకు అక్కరకొస్తుందో తెలియదు.

బ్యాంకు తిరిగి ఇస్తుందిగా అనుకోకండి. ఆర్‌బీఐ 2017 జూలై నియమం ప్రకారం తప్పు మీదీ బ్యాంకుదీ కాక మూడోవారిదైతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే మీకు నష్టం లేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చేస్తే మామూలు సేవింగ్స్ ఖాతాకు ఒక్కో లావాదేవీకి మీ భారం 10,000 దాటదు. కానీ ఓటీపీ మీరే ఇచ్చారంటే లెక్క మారిపోతుంది. బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టమంతా మీదే. బీమా కంపెనీ దగ్గర లీకైందన్న వాదన అక్కడ నిలబడదు. డబ్బు తిరిగి వచ్చే కేసైనా ఫిర్యాదు తేల్చడానికి బ్యాంకుకు 90 రోజుల గడువుంది. ఈలోగా ఖాతాను స్తంభింపజేయొచ్చు కూడా. ఆ మూడు నెలలూ ఇంటద్దె ఎవరు కడతారు?

అందుకే అత్యవసర నిధి వేరే బ్యాంకులో ఉండాలి. మీ ఖర్చుకు ఆరు నెలలంటే 2,28,000. ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి ఆ మొత్తాన్ని అక్కడికి పంపండి. ఆ ఖాతాకు యూపీఐ పెట్టొద్దు, ఫోన్‌లో దాని యాప్ ఉంచొద్దు. డెబిట్ కార్డు ఇంట్లో బీరువాలో ఉండనివ్వండి. తీయడానికి కాస్త కష్టంగా ఉండడమే దాని గొప్పతనం. జీతం ఖాతాలో మిగిలే 1,32,000 మీ నెలవారీ ఖర్చులకు చాలా ఎక్కువే. ఈ వారంలోనే బ్రాంచికి వెళ్లి ప్రీ-అప్రూవ్డ్ లోన్ ఆఫర్ తీసేయమని రాసివ్వండి. నెట్‌బ్యాంకింగ్ బదిలీ పరిమితిని తగ్గించండి. ఎఫ్‌డీని ఆన్‌లైన్‌లో రద్దు చేయలేకుండా మార్చగలరేమో అడగండి, కొన్ని బ్యాంకుల్లో ఆ వీలుంది.

పాలసీ మాత్రం మూసేయకండి. మూసేసినా లీకైన వివరాలు వెనక్కి రావు, కంపెనీ రికార్డుల్లోంచీ పోవు. పోయేది మీరు సంపాదించుకున్నదే. 60 నెలలు దాటిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, పాత జబ్బు దాచారంటూ క్లెయిము తిరస్కరించకూడదు. మీరు ఆ గీత దాటేశారు. కొత్త పాలసీ తీసుకుంటే మీ ఆవిడ ఆపరేషన్ మళ్లీ క్లెయిము దొరకని వెయిటింగ్ పీరియడ్‌లోకి పోవచ్చు. ఆ కంపెనీ మీద నమ్మకం పోయిందంటే రెన్యువల్‌కు కనీసం 45 రోజుల ముందు పోర్టబిలిటీకి, అంటే సంపాదించుకున్నది పోకుండా వేరే కంపెనీకి మారడానికి, దరఖాస్తు పెట్టండి. సైబర్ బీమా అమ్ముతామని ఎవరైనా వస్తే, ఓటీపీ చెప్పి పోగొట్టుకున్న డబ్బు ఇస్తారా లేదా అన్నది పాలసీ పత్రంలో చూపించమనండి.

ఎప్పుడైనా డబ్బు పోతే అదే గంటలో సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకుకు. పోకపోయినా, ఆ ఫోన్ చేసినవాడి నంబరును టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలో, మోసపు ఫోన్ల ఫిర్యాదులు తీసుకునే చక్షు విభాగంలో నమోదు చేయండి.

మీ పాన్ కూడా బయట ఉందనుకునే నడుచుకోండి. మన అప్పుల చరిత్ర రాసిపెట్టే నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికి ఒక్కో రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. నాలుగూ ఒకేసారి తీయకండి. సిబిల్‌ది ఇప్పుడు, ఎక్స్‌పీరియన్‌ది మూడు నెలలకు, తర్వాత ఈక్విఫాక్స్, ఆపైన క్రిఫ్ హైమార్క్ తీస్తే ఏడాది పొడవునా కాపలా ఉన్నట్టే. మీరు తీసుకోని అప్పు కనబడితే ఆ బ్యూరోకూ, అప్పిచ్చిన సంస్థకూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయలు వాళ్లే మీకు కట్టాలి.