పూతలో నల్ల తామర పురుగు: ఊరంతా కొడుతున్న ‘బయో’ మందు కొట్టాలా?

సందేహం: మూడెకరాల్లో మిరప వేశాను. నాటి రెండున్నర నెలలైంది, పూత మీద ఉంది. పువ్వుల్లో నల్ల తామర పురుగు కనిపిస్తోంది, పూత రాలుతోంది. మా ఊళ్లో సగం మంది ఈ ఏడాది కొత్తగా వచ్చిన ఒక బయో మందు కొడుతున్నారు. పూర్తిగా మొక్కల నుంచి తీసిందని, ఎంత కొట్టినా హాని ఉండదని షాపాయన చెప్పాడు. పక్క చేను ఆయన కొట్టిన నాలుగు రోజులకే పురుగు తగ్గింది. నేనూ ఒక సీసా తెచ్చాను, ఇంకా కొట్టలేదు. కొట్టమంటారా? – మిరప రైతు, పల్నాడు జిల్లా

సలహా: సీసా మూత తీయకుండా ముందు లేబుల్ చదవండి. పురుగుమందుగా అమ్మే దేనికైనా, అది వేప మందు అయినా సరే, కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు, అందులో ఉన్న పదార్థం పేరు, దాని శాతం, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, విషతీవ్రతను చూపే రంగు గుర్తు ఉండాలి. ఏ పంటలో ఏ పురుగు మీద వాడాలో కూడా రాసి ఉండాలి. ఇవేవీ లేకుండా ‘బయో స్టిమ్యులెంట్’ అని మాత్రమే ఉంటే అది పురుగుమందు కాదు. 2021లో బయో స్టిమ్యులెంట్లను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చినప్పుడు, వాటిలో పురుగుమందు 0.01 పీపీఎం మించి ఉండకూడదని నిబంధన పెట్టారు. అంటే ఉన్నా లేనట్టే. అలాంటి సీసాతో పురుగు టపటపా రాలిపోతే, అందులో చెప్పకుండా కలిపిన రసాయనం ఏదో ఉందని అనుమానించాలి. అది ఏమిటో తెలియకపోతే కొట్టాక ఎన్ని రోజులు ఆగి కాయ కోయాలో తెలియదు. అదే రసాయనం వేరే పేరుతో పోయిన వారమే కొట్టి ఉన్నా తెలియదు. మీ సీసా ఈ రకమైతే చేలో పరీక్షకు కూడా వాడకండి. బిల్లు తీసుకుని వ్యవసాయ అధికారికి చూపించండి.

లేబుల్ సరిగ్గా ఉందనుకుందాం. అప్పుడు కూడా ‘మొక్కల నుంచి తీసింది’ అన్న మాట మీకు ఏ హామీ ఇవ్వదు. పొగాకులోని నికోటిన్ మొక్క నుంచి వచ్చేదే, మనిషికి అది గట్టి విషం. మిరపలో తామర పురుగుకు వాడే స్పైనెటోరం మూలం నేలలో ఉండే ఒక సూక్ష్మజీవి. ఆ మందు తడి ఆరకముందు తేనెటీగ వాలితే చచ్చిపోతుంది. ఎక్కడి నుంచి తీశారన్న దానితో హాని ఉందో లేదో తేలదు. ఏ పదార్థం, ఎంత మోతాదు, ఏ ప్రాణి మీద అన్నవి చూడాలి. వేప నూనెను మేం సిఫారసు చేసేది కూడా అది వేప చెట్టుది కాబట్టి కాదు. అందులోని అజాడిరక్టిన్ పిల్ల పురుగులు కుబుసం విడవకుండా అడ్డుపడుతుందని పరీక్షల్లో తేలింది. దాని పరిమితులు కూడా ఆ పరీక్షల్లోనే తేలాయి. ఎండకు త్వరగా పాడవుతుంది కాబట్టి సాయంత్రం కొట్టాలి. పెద్ద పురుగును వెంటనే చంపదు. ఒక్క రోజులో పువ్వు ఖాళీ అయిందని ఎవరైనా చెబితే ఆ పని వేపది కాదు.

ఇక ఊరు సంగతి. 2021–22లో ఈ పురుగు మన మిరపను దెబ్బతీసినప్పుడు నేను చాలా చేలు తిరిగాను. ఒక ఊళ్లో ఒకే మందు ఖాళీ సీసాలు గట్ల మీద ఎక్కడ చూసినా కనిపించాయి. ఎందుకు కొట్టారని ఒక్కొక్కరినీ అడిగాను. ఒకరు పక్క చేను చూసి, ఇంకొకరు బావమరిది చెబితే, మరొకరు అరువుకు ఆ షాపులో అదే ఇచ్చారని కొట్టారు. వెనక్కి వెళ్తే అందరి మాటా మొదట కొట్టిన ఇద్దరు ముగ్గురి దగ్గరే ఆగింది. ఆ ఇద్దరు ముగ్గురూ కొట్టని సాలు ఒక్కటీ వదల్లేదు, పోల్చి చూడలేదు. నలభై మంది సాక్ష్యంలా కనిపించింది నిజానికి ఒక్క సాక్ష్యం కూడా కాదు. ఆ రైతులను నేను తప్పు పట్టను. పురుగు కొత్తది, పాత మందులు పనిచేయడం లేదు, పంట కళ్ల ముందే పోతోంది. ఆ టెన్షన్‌లో ‘కొత్తగా వచ్చింది’ అన్న మాటే ధైర్యం ఇచ్చింది. కానీ కొత్త మందు అంటే మన చేలల్లో ఇంకా ఎక్కువ కాలం చూడనిది అని మాత్రమే అర్థం. కొత్త మందుల్లో మంచివి ఉన్నాయి, వాటి మంచితనం పరీక్షల్లో తేలింది.

మీ పక్క చేలో నాలుగు రోజులకు పురుగు తగ్గిందన్నారు కదా. నిజంగానే తగ్గి ఉండవచ్చు. పెద్ద వాన పడితే పువ్వుల్లోని పురుగు కొంత కొట్టుకుపోతుంది. ఇంకో కారణం చాలామంది గమనించరు. ఆ నాలుగు రోజుల్లో పూత విరగబూస్తే, ఉన్న పురుగే ఎక్కువ పువ్వులకు పంచుకుపోతుంది. పువ్వుకు పది కనిపించిన చోట ఐదే కనిపిస్తాయి, చేలో మొత్తం పురుగు మాత్రం అంతే ఉంటుంది. అందుకే కొట్టని సాళ్లు పక్కన ఉండాలి.

మీ చేలోనే ఇలా చూసుకోండి. గట్టు పక్కన పురుగు ఎక్కువ ఉంటుంది కాబట్టి గట్లు వదిలి, చేను మధ్యలో రెండు చోట్ల ఆరేసి సాళ్లు గుర్తు పెట్టండి. వాటి మీద వట్టి నీళ్లు కొట్టండి, మిగతా చేనుకు మందు కొట్టండి. కొట్టే ముందు రోజు ఉదయం రెండు వైపులా ఇరవై పువ్వుల చొప్పున కోసి, తెల్ల కాగితం మీద తట్టి రాలిన పురుగులను లెక్కపెట్టండి. మూడో రోజు, ఏడో రోజు మళ్లీ లెక్కపెట్టండి. ఉదాహరణకు ముందు రెండు వైపులా పువ్వుకు 10 ఉన్నాయనుకుందాం. ఏడో రోజుకు మందు కొట్టిన చోట 4, నీళ్లు కొట్టిన చోట 5 ఉంటే, ఆరు తగ్గాయని సంబరపడకండి. మందు పేరున రాయదగ్గది ఒక్కటే, అదీ లెక్కలో తేడా కావచ్చు. నీళ్లు కొట్టిన చోట 9 ఉండి, మందు చోట 3 ఉంటే, రెండు చోట్లా అలాగే వస్తే, అప్పుడు నమ్మండి. ఈ పురుగు కోశస్థ దశ నేలలో గడుస్తుంది, మందు తగలని ఆ పురుగు పైకి వస్తూనే ఉంటుంది. కాబట్టి మూడో రోజు లెక్క ఒక్కటే చూసి ఆగిపోవద్దు.

ఈలోపు చేను వదిలేయకండి. నీలిరంగు జిగురు అట్టలు ఎకరాకు 25–30 మొక్క తల ఎత్తులో పెట్టండి. యూరియా ఆపండి, లేత చిగురు ఎక్కువైతే పురుగూ పెరుగుతుంది. వేప నూనె 10,000 పీపీఎం లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున సాయంత్రం కొట్టండి. పువ్వుల్లో పురుగు ఇంకా పెరుగుతుంటే స్పైనెటోరం లేబుల్ మోతాదులోనే ఒకసారి కొట్టండి, తేనెటీగలు తిరగని వేళ చూసుకోండి, అందులో ఇంకే మందూ కలపకండి. సింథటిక్ పైరిత్రాయిడ్ల జోలికి పోవద్దు, అవి తామర పురుగును తినే మిత్ర పురుగులను చంపి సమస్యను పెంచుతాయి. మొదటి లెక్క రేపు ఉదయమే తీయండి. రెండు వైపుల అంకెలూ ఒక కాగితం మీద రాసి, సీసా లేబుల్ ఫోటోతో పాటు పంపండి.