ఒక్క పైసా తేడా, అదీ ఒకే వైపు

ప్రశ్న: లెడ్జర్‌లో వేల పద్దుల్లో ఒక్కో పైసా తేడా కనిపిస్తోంది. అకౌంటెంట్‌ను అడిగితే రౌండింగ్ అంటున్నారు. వదిలేయవచ్చా? ఆడిట్‌లో ఎవరికైనా ఇలాంటిది ఎదురైందా?

తేడా ఎటువైపు పడుతోందో చూడకుండా మాత్రం వదలకండి. నాకు ఇది ఒక రుణ సంస్థ ఆడిట్‌లో ఎదురైంది.

డిపాజిటర్లకు నెలనెలా జమ చేసే వడ్డీలో కొన్ని పద్దులు తీసుకుని తిరిగి లెక్క కడుతున్నాను. ఒక ఖాతాలో నిల్వ 48,215 రూపాయలు, వడ్డీ ఏడాదికి 7 శాతం, రోజులు 31. లెక్క కడితే 286.648 వచ్చింది, అంటే 286.65 జమ కావాలి. పుస్తకంలో 286.64 ఉంది. పక్క ఖాతా సరిపోయింది. దాని తర్వాతిది మళ్లీ పైసా తక్కువ.

అక్కడి అకౌంటెంట్ ఎంతో అనుభవం ఉన్న పెద్దాయన. "రౌండింగే సార్, అంతా కలిపినా మీ మెటీరియాలిటీలో నూరో వంతు కూడా రాదు" అన్నారు. మొత్తం విషయంలో ఆయన మాట నిజమే. అయినా నెల ఫైలంతా తెప్పించుకుని, సుమారు 18,000 పద్దులకూ ఈ సూత్రం పెట్టాను:

```
=ROUND(ROUND(B2*C2*D2/36500,2)-E2,2)
```

B నిల్వ, C వడ్డీ శాతం, D రోజులు, E జమ చేసిన మొత్తం. బయటి ROUND తీసేయకండి. అది లేకపోతే తీసివేతలో దశాంశాల తోకలు మిగిలి, ఫిల్టర్ సరిగా పనిచేయదు.

దాదాపు సగం పద్దుల్లో సున్నా, మిగతా సగంలో 0.01 వచ్చింది. డిపాజిటర్‌కు పైసా ఎక్కువ పడిన పద్దు ఒక్కటీ లేదు. నా అనుమానం గట్టిపడింది అక్కడే. మామూలు రౌండింగ్‌లో కొందరికి అర పైసా లోపు పెరుగుతుంది, కొందరికి తగ్గుతుంది, మొత్తం మీద చాలావరకు సరిపోతాయి. 18,000 పద్దులు కలిపినా అసలు లెక్కకూ జమ చేసినదానికీ మధ్య తేడా సాధారణంగా రూపాయి దాటదు. ఇక్కడ అది నెలకు 90 రూపాయల దగ్గర ఉంది. పద్దుకు సగటున అర పైసా చొప్పున తగ్గితేనే ఆ మొత్తం వస్తుంది. అంటే ఇది రౌండింగ్ కాదు, కత్తిరింపు.

రోజుల లెక్కలోనో రేటులోనో తప్పుండవచ్చన్న అనుమానం కూడా తీర్చుకోవాలి కాబట్టి, పద్దులను నిల్వ ప్రకారం పేర్చాను. ఏడాదికి 365 బదులు 360 రోజులు వాడి ఉంటే, పెద్ద నిల్వల దగ్గర తేడా కూడా పెద్దదయ్యేది. ఇక్కడ వెయ్యి ఉన్న ఖాతాకూ, లక్షలు ఉన్న ఖాతాకూ అదే పైసా.

పాత నెలల ఫైళ్లు వెనక్కి తిరగేస్తే, సాఫ్ట్‌వేర్ మార్చిన నెలలోనే ఇది మొదలైనట్టు తేలింది. అంతకుముందు ఫైళ్లలో అన్నీ సున్నాలే. కొత్త ప్రోగ్రాం మొత్తాలను పైసల్లో, పూర్ణ సంఖ్యలుగా పెట్టుకుంటోంది. అందులో పూర్ణ సంఖ్యను పూర్ణ సంఖ్యతో భాగిస్తే భిన్నం రాలిపోతుంది. పై ఖాతాలో 28664.8 పైసలు 28664 అయింది అందుకే. ఇలాంటి కత్తిరింపు ఎంత దూరం పోగలదో వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ సూచీ చూపించింది. 1982 జనవరిలో 1000తో మొదలైన ఆ సూచీని, మార్చిన ప్రతిసారీ మూడో దశాంశం దగ్గర కత్తిరిస్తూ పోయారు. 1983 నవంబర్‌కు 524.811 చూపిస్తుంటే, సరిచేశాక వచ్చిన విలువ 1098.892.

మరి ఆ 90 రూపాయలు ఎక్కడికి పోతున్నాయి? సంస్థ వడ్డీ ఖర్చును మొత్తం మీద సరిగ్గానే రాస్తోంది. డిపాజిటర్లకు జమైనది పోగా మిగిలింది "రౌండింగ్ తేడా" ఖాతాలో పడుతోంది. ట్రయల్ బ్యాలెన్స్‌లో ఆ ఖాతా ప్రతి నెలా సున్నా, అందుకే ఎవరి కంటా పడలేదు. లోపలి పద్దులు తెరిస్తే, నెలాఖరున ఒక ఆటోమేటిక్ జర్నల్ ఆ నిల్వను ఇతర ఆదాయంలోకి మారుస్తోంది. ఎవరి జేబులోకీ పోలేదు, కానీ డిపాజిటర్లకు రావలసింది సంస్థ ఆదాయమైంది. మెటీరియాలిటీకి చాలా దిగువన ఉన్నా, నేను దాన్ని అంతర్గత నియంత్రణలో లోపంగా యాజమాన్యానికి రాసి ఇచ్చాను. ప్రోగ్రాం సరిచేసి, మార్పు జరిగిన నెల నుంచి వడ్డీ తిరిగి లెక్కకట్టి జమ చేశారు. ఈలోగా మూసేసిన ఖాతాల దగ్గరే కష్టమైంది. వాళ్లకు వేరే జాబితా తయారు చేసి, ఒక్కొక్కరికీ విడిగా చెల్లించాల్సి వచ్చింది.

మీ దగ్గర కూడా ముందు ఆ రౌండింగ్ ఖాతా పూర్తి లెడ్జర్ అడగండి. నెలాఖరు మార్పిడి పద్దు ఎవరు వేస్తున్నారో, అవతలి ఖాతా ఎవరిదో చూడండి. అది ఒక వ్యక్తి పేరు మీద ఉంటే, అకౌంటెంట్‌తో ఆ సంగతి ఎత్తవద్దు. ఫైలు ప్రతి భద్రపరచుకుని, నేరుగా మీ ఆడిట్ సంస్థ భాగస్వామి ద్వారా ఆడిట్ కమిటీకి తీసుకెళ్లండి.