కారు కావాలన్న వాళ్లను ఎంతవరకు అడగాలి?

“తిరుపతిలో కొత్తగా ట్రావెల్స్ పెట్టాను. ‘కొండకి కారు ఎంత?’ అని వాట్సాప్‌లో ఒక్క ముక్క పెడతారు. వివరాల ఫారం పంపిస్తే సగం మంది మళ్లీ పలకరు. ఏం అడగాలి, ఏం వదిలేయాలి?”

నేను ఇదే పని చాలా ఏళ్లు చేశాను. మొదట్లో నాదీ ఒక ఫారం ఉండేది. పేర్లు, వయసులు, అడ్రస్, ఆధార్ ఫోటో, దర్శనం టికెట్ ఫోటో, అన్నీ. ‘ఉంటే మంచిదే కదా’ అనుకునేవాణ్ని. ఒకసారి డ్రైవర్ల గ్రూపులో ట్రిప్పు వివరాలు పెట్టేటప్పుడు ఒక కుటుంబం దర్శనం టికెట్ కూడా ఫార్వర్డ్ చేశాను. అందులో అందరి పేర్లు, వయసులు, గుర్తింపు కార్డు నంబర్లు ఉన్నాయి. రెండు రోజులకు ఆ పెద్దాయన ఫోన్ చేసి, “సామీ, ఎవరో మా ఆవిడ పేరు చెప్పి, రూమ్ ఇప్పిస్తాం డబ్బులు పంపమంటున్నారు” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ టికెట్‌లో నాకు కావాల్సింది ఎన్ని గంటలకు రిపోర్ట్ చేయాలన్నది ఒక్కటే, అది టైప్ చేసి చెప్పమంటే సరిపోయేది.

అప్పటి నుంచి ప్రతి ప్రశ్న దగ్గరా ఒకటే చూసుకుంటాను: దీనికి వాళ్లు వేరే జవాబు చెబితే నేను పంపే బండి గానీ, టైమ్ గానీ, రేటు గానీ మారుతుందా? ఏదీ మారకపోతే అడగను.

ఒక మెసేజ్ తీసుకుందాం. “శనివారం రాత్రి ఒకటిన్నరకు రేణిగుంటలో దిగుతాం. ఆరుగురం, అమ్మకు వీల్‌చైర్ ఉంది. కొండకి ఎంత?” ముందు రెండుసార్లు చదవండి, చెప్పింది మళ్లీ అడిగితే వాళ్లకు చిరాకు. ఇందులో అసలు చిక్కు ‘శనివారం రాత్రి’ దగ్గరుంది. రాత్రి ఒకటిన్నర అంటే క్యాలెండర్ ప్రకారం ఆదివారం. ఇది తేల్చుకోకపోతే బండి ఒక రోజు ముందో వెనకో వెళ్తుంది. పైగా అర్ధరాత్రి దాటాక ఘాట్ రోడ్డు కొన్ని గంటలు మూసేస్తారు కాబట్టి వాళ్లు కింద ఆగాల్సి వస్తుంది, ఆ సంగతి ఇప్పుడే చెప్పాలి. రెండోది, రేణిగుంటలో జంక్షనూ ఉంది, ఎయిర్‌పోర్టూ ఉంది. రైలైతే బండి నంబర్ చాలు, ఎంత లేటో మనమే చూసుకోవచ్చు. టికెట్ ఫోటో దేనికి?

వీల్‌చైర్ సంగతి చూసి “అమ్మగారికి ఏమైంది? వయసెంత?” అని అడగబుద్ధి అవుతుంది. మనం అభిమానంతోనే అడుగుతాం, కానీ ఆ జవాబుతో బండి మారదు. వీల్‌చైర్ మడతపడుతుందా, ఆమె మెట్టెక్కి సీట్లో కూర్చోగలరా అన్నవాటితో మారుతుంది. పిల్లల వయసులూ అంతే, ఎన్ని సీట్లు కావాలన్నది చాలు.

నేనైతే ఇలా రాస్తాను:

“నమస్తే అండీ. నాలుగు విషయాలు చెబితే రేటు ఇప్పుడే చెబుతాను. దిగేది శనివారం తెల్లవారుజామునా, ఆదివారం తెల్లవారుజామునా? రైలైతే బండి నంబర్, విమానమైతే ఫ్లైట్ నంబర్ పెట్టండి. వీల్‌చైర్ మడతపడుతుందా, అమ్మగారు సీట్లోకి ఎక్కగలరా? దర్శనం రిపోర్టింగ్ టైమ్ ఉంటే అది టైప్ చేయండి చాలు. టికెట్, ఆధార్ ఫోటోలు పంపొద్దు.”

ఆ చివరి వాక్యం తప్పకుండా పెట్టండి, వద్దనకపోతే సగం మంది అలవాటు కొద్దీ పంపేస్తారు. అయినా వస్తే, “ఇది అక్కర్లేదండీ, తీసేశాను, మీరూ అందరికీ డిలీట్ కొట్టండి” అని చెప్పి నిజంగానే తీసేయండి. ఫోన్ గ్యాలరీలో కూడా చూడండి, వాట్సాప్ ఫోటోలు అక్కడ చేరిపోతుంటాయి.

మరికొన్ని ప్రశ్నలకు సమయం వేరే ఉంటుంది. వాళ్లు కొండతో పాటు వేలూరు గోల్డెన్ టెంపుల్ కూడా అంటే తమిళనాడు పర్మిట్ చూసుకోవాలి, అప్పుడు ఏ రోజు వెళ్తారో అడగాలి. కాణిపాకమైతే మన రాష్ట్రంలోనే, ఆ బెంగ లేదు. ఎక్కించుకునే మనిషి పేరు, బయల్దేరే రోజు డ్రైవర్‌కు చెప్పడానికి ఒకరిది చాలు, అదీ బుకింగ్ ఖాయమయ్యాకే. లాడ్జిలో గుర్తింపు కార్డు అడుగుతారు కదా అంటారేమో, అది గదిలో దిగేటప్పుడు కౌంటర్ దగ్గర సంగతి. రేటు అడిగినవాళ్లతో దానికి పని లేదు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఒక ఉదాహరణ ఉంది. ఫోన్లో వైద్యం చెప్పే యాప్ ఒకటి, కాంటాక్ట్ లిస్ట్ చూసేందుకూ ఒప్పుకోమంటుంది. మనిషి ‘సరే’ అన్నా, వైద్యానికి ఆ లిస్ట్ అవసరం లేదు కాబట్టి ఆ ఒప్పుకోలు దానికి చెల్లదు. అందుకే “వాళ్లే ఇచ్చారు కదా” అని నేను ఇప్పుడు అనను.

ఫారం తీసేశాక మీకూ జవాబులు పెరుగుతాయనుకుంటున్నాను, నాకైతే పెరిగాయి. ఇంకా పలకని వాళ్లను వదిలేయండి, వాళ్లు ఇంకో నలుగురిని రేటు అడిగి ఉంటారు.