గైడుతో సమావేశానికి ముందు ఏం పంపాలి, తరువాత ఏం పంపాలి

ప్రశ్న: "మా గైడుగారిని నెలకొకసారి కలుస్తున్నాను. గంటసేపు మాట్లాడుకుంటాం, కాని బయటికి వచ్చాక థీసిస్ ఉన్నచోటే ఉంటోంది. ఎజెండా పంపమని సీనియర్లు అంటున్నారు. అందులో ఏం రాయాలి?"

ఎజెండాలో "మూడో అధ్యాయం", "ఫలితాలు" అని శీర్షికలు మాత్రమే రాస్తే మాటలు ఎటైనా పోతాయి. ప్రతి అంశమూ గైడు అక్కడికక్కడే తేల్చగలిగిన ప్రశ్నగా ఉండాలి. జరిగిన పనిని వివరించడానికి సమావేశ సమయాన్ని వాడకూడదు. అది అప్‌డేట్ రూపంలో ముందే చేరిపోవాలి. నా పరిశోధన నల్లగొండ జిల్లా భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ మీద కాబట్టి, అందులోంచే ఒక సందర్భం చెబుతాను.

వానలకు ముందు మే నెలలో ఒకసారి, వానలు వెళ్ళాక నవంబరులో మరోసారి, అవే బోర్ల నుంచి నీటి నమూనాలు తీశాను. వాన నీరు ఇంకితే ఫ్లోరైడ్ తగ్గుతుందని సాధారణంగా ఆశిస్తాం. కొన్ని బోర్లలో మాత్రం అది పెరిగింది. మే నెలలో తాగునీటికి పెట్టిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితికి లోపల ఉన్న బోరు ఒకటి నవంబరులో ఆ పరిమితిని దాటింది. పైపొరల్లో పేరుకున్న లవణాలను ఇంకే నీరు కిందికి కడిగి తెచ్చి ఉండవచ్చు, లేదా కొలతలోనే తేడా వచ్చి ఉండవచ్చు. ఏది నిజమో తేలకుండా చర్చా విభాగం రాయడానికి వీల్లేదు. అప్పుడు నేను పంపిన మెయిల్ దాదాపు ఇలా ఉంది:

"నమస్కారం సర్. గురువారం మీ సలహా కావలసిన విషయాలు ఇవి.
జరిగింది: నవంబరు నమూనాల విశ్లేషణ పూర్తయింది. ఒక పేజీ పట్టిక జతచేశాను, ఫ్లోరైడ్ పెరిగిన బోర్ల వరుసలకు రంగు వేశాను.
ఆగింది: చర్చా విభాగం.
తేలవలసింది: సీసాల్లో మిగిలిన నీటిని కొత్త ప్రామాణిక ద్రావణాలతో మళ్ళీ కొలిచాక రాయమంటారా, ఉన్న విలువలతోనే రాయమంటారా? మళ్ళీ కొలవడమే మంచిదని నా ఉద్దేశం. రెండు రోజులు ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ దొరికితే సరిపోతుంది.
సమయం ఉంటే: రెండో అధ్యాయంలోని పటం."

ఇందులో అన్నిటికన్నా ఎక్కువ పని చేసేది "నా ఉద్దేశం" అన్న వాక్యం. పాఠాలు, పరీక్షలు, ఇతర విద్యార్థుల పనులు చూసుకుంటున్న గైడుకు, మన సమస్యను మొదటి నుంచి గుర్తుచేసుకుని పరిష్కారం వెతకడం కన్నా, ఎదుట ఉన్న ప్రతిపాదనను సరిదిద్దడం చాలా తేలిక. ఆ రోజు మా గైడుగారు పట్టిక చూసి వెంటనే ఒప్పుకోవడమే కాక, కొలిచేవారికి ఏది ఏ బోరు నీళ్ళో తెలియకుండా సీసాలకు వేరే నంబర్లు వేయమన్నారు. ఆ సూచన నాకు తట్టలేదు. ప్రశ్న అంత ఇరుకుగా ఉండబట్టే ఆయన ఆలోచన నేరుగా అక్కడికి వెళ్ళిందని నా నమ్మకం.

గురువుకు ఎజెండా పంపడం మర్యాద కాదేమోనన్న సంకోచం మన దగ్గర చాలామందికి ఉంటుంది. "ఎజెండా" అనే మాట వాడకుండా పై విధంగా రాస్తే ఎవరూ నొచ్చుకోరు. మెయిల్‌ను రెండు రోజుల ముందు పంపండి, ఫోను తెర మీద ఒక్క చూపులో చదవగలిగేంత పొడవు మించనివ్వకండి. అధ్యాయం మొత్తం జతచేయవలసి వస్తే, ఏ పేజీలు చూడాలో, వాటిలో ఏది తేల్చాలో చెప్పండి. అలా చెప్పకపోతే గైడు అచ్చుతప్పులు దిద్దుతారు, వాదన మాత్రం అలాగే ఉండిపోతుంది. కూర్చోగానే "ఈ మధ్య ఏం చేశారు?" అని అడిగారంటే మెయిల్ చదవలేదన్నమాట. అందుకే అచ్చుకాపీలు రెండు తీసుకెళ్ళి ఒకటి వారి ముందు పెట్టేవాడిని. మెయిల్ చూశారా అని అడగవలసిన అవసరమే ఉండేది కాదు.

సమావేశం ముగిసిన రోజు సాయంత్రమే, అదే మెయిల్‌కు జవాబుగా, ఏం నిర్ణయించామో, ఎవరు ఎప్పటిలోగా చేయాలో మూడు నాలుగు వాక్యాల్లో రాసి, "నేను పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే దిద్దండి" అని చేర్చండి. రెండు నెలల తరువాత గైడు అభిప్రాయం మారితే, అప్పుడు ఏ కారణంతో ఆ దారి ఎంచుకున్నామో ఇద్దరూ చూసుకోవచ్చు. పైగా యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టరులో పరిశోధన సలహా కమిటీ ముందు ప్రగతిని వివరించాలి కదా, ఆ నివేదికకు కావలసిన సరుకంతా ఈ మెయిళ్ళలోనే దొరుకుతుంది.

సమావేశం వాయిదా పడితే పనిని కూడా వాయిదా వేయకండి. అవే అంశాలు పంపి, "సోమవారంలోగా మీరు వేరే విధంగా చెప్పకపోతే ఇలా మొదలుపెడతాను" అని రాయవచ్చు. అయితే వెనక్కి తీసుకోగలిగిన పనులకే ఈ వాక్యం వాడాలి. మళ్ళీ కొలవడం అలాంటి పని. ఒక బోరు విలువలను లెక్కలోంచి తీసేయడం, పత్రాన్ని జర్నల్‌కు పంపడం, డబ్బు ఖర్చుపెట్టడం అలాంటివి కావు; వాటికి గైడు నుంచి స్పష్టమైన అంగీకారం రాతలో వచ్చేవరకు ఆగాలి, అవసరమైతే ఐదు నిమిషాలు ఫోనులో మాట్లాడగలరా అని అడగాలి.